ఎక్సెల్ షీట్‌లో కోట్లు, లక్షల దగ్గర కామాలు సరిగ్గా పడాలంటే ఏం చేయాలి

మిర్యాలగూడ దగ్గర ఒక వడ్ల కొనుగోలు కేంద్రంలో లెక్కలు రాస్తుంటాను, అంటే ట్రక్ షీట్లు, తూకం చిట్టీలు ఎక్సెల్‌లో ఎక్కించి సీజన్ అయిపోయాక మొత్తం తేల్చే పని. వానకాలం సీజన్ చివర్లో ఒకసారి మొత్తం షీట్ ప్రింట్ తీసి సంఘం అధ్యక్షురాలు అక్క చేతిలో పెట్టాను. అడుగున మొత్తం 42,831,840 అని ఉంది. అక్క కళ్లజోడు సర్దుకుని, మొదటి కామా ముందున్న 42 చూసి, "ఏంది తమ్మీ, ఇంత సీజన్ అయినంక నలబై రెండు లక్షలేనా?" అంది. నాలుగు కోట్ల ఇరవై ఎనిమిది లక్షల కొనుగోలు అది. తప్పు అక్కది కాదు, మన దగ్గర ఎవరైనా అంకెను వెనక నుంచి మూడు, తర్వాత రెండు, మళ్లీ రెండు అని విడగొట్టి చదువుతారు, ఆ షీట్ మాత్రం మూడు మూడు అంకెలకు కామా పెట్టింది. అదే 4,28,31,840 అని ఉంటే చదవడానికి ఒక్క క్షణం పట్టదు.

దీన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి కంప్యూటర్ సెట్టింగ్ మార్చడం, రెండోది ఆ షీట్‌లోని సెల్స్‌కే ఫార్మాట్ ఇవ్వడం. చాలామంది మొదటిది చేసి అయిపోయిందనుకుంటారు, తర్వాత ఫైల్ వేరేవాళ్లకు పంపాక అవతల మళ్లీ మిలియన్ల కామాలు కనిపిస్తే తలపట్టుకుంటారు. ఎందుకలా అవుతుందో కిందకు వచ్చేసరికి తెలుస్తుంది.

ముందు సులువైనది. విండోస్‌లో `Win+R` నొక్కి, వచ్చిన చిన్న బాక్సులో ఇది టైప్ చేసి ఎంటర్ కొట్టండి.

```
intl.cpl
```

`Region` అనే కిటికీ తెరుచుకుంటుంది. అందులో కింద `Additional settings` బటన్ నొక్కితే `Numbers` ట్యాబ్ వస్తుంది, అక్కడ `Digit grouping` అనే చోట `123,456,789` అని ఉంటే దాన్ని `12,34,56,789` గా మార్చండి. పక్కనే `Currency` ట్యాబ్‌లో కూడా ఇలాంటి `Digit grouping` ఇంకొకటి ఉంటుంది, అది కూడా మార్చాలి, లేకపోతే మామూలు అంకెలు ఒకలా, రూపాయి గుర్తు పెట్టినవి ఇంకోలా కనిపించే ప్రమాదం ఉంది. `OK` కొట్టి ఎక్సెల్ మూసి మళ్లీ తెరవండి. అంతకుముందు కామా బటన్ నొక్కి పెట్టుకున్న సెల్స్ అన్నీ వాటంతట అవే లక్షల్లోకి మారిపోతాయి, మీరు ఒక్క సెల్ కూడా ముట్టుకోనక్కర్లేదు.

ఇక్కడొక విషయం గమనించండి. ఇలా మారిన సెల్ మీద `Ctrl+1` కొట్టి `Custom` లో ఫార్మాట్ చూస్తే అక్కడి కోడ్‌లో ఇప్పటికీ ఈ ముక్కే ఉంటుంది.

```
#,##0
```

ఈ కోడ్‌కి అర్థం "కామాలు పెట్టు" అని మాత్రమే. ఎన్ని అంకెలకొకసారి పెట్టాలన్నది ఇందులో లేదు, అది ఎక్సెల్ వెళ్లి విండోస్‌ని అడిగి తెలుసుకుంటుంది. కాబట్టి మీ కంప్యూటర్‌లో లక్షలు కనిపించే ఫైల్, సెట్టింగ్ మార్చని కంప్యూటర్‌లో తెరిస్తే మళ్లీ 42,831,840 అనే వస్తుంది. ఫైల్ పాడైనట్టు కాదు, మీరు మార్చిన సెట్టింగ్ మీ మెషిన్‌లో ఉంది తప్ప ఫైల్‌లో లేదు, అంతే. మా దగ్గర జరిగింది సరిగ్గా ఇదే, నేను ఇంట్లో లాప్‌టాప్‌లో షీట్ తయారుచేశాను, అక్కడ బాగానే కనిపించింది, ప్రింట్ మాత్రం జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో తీశాను.

అందుకే నా మాట ఏమిటంటే, షీట్ మీరు ఒక్కరే వాడేదైతే పై సెట్టింగ్ చాలు, ఇక్కడితో ఆపేయొచ్చు. షీట్ నలుగురి చేతులు మారేదైతే, ఆఫీసుకు పంపేదైతే, రెండో దారి పట్టండి.

రెండో దారిలో కామాలను మనమే సెల్ ఫార్మాట్‌లో రాసి పెడతాం. చాలామంది మొదట చేసే ప్రయత్నం ఇది.

```
#,##,##0
```

చూడ్డానికి సరిగ్గానే ఉంది కదా, కానీ ఎక్సెల్‌లో పనిచేయదు. అంకెల గుర్తుల మధ్య కామా కనిపించగానే ఎక్సెల్ దాన్ని "కామాలు పెట్టు" అనే ఒక్క ఆజ్ఞగానే తీసుకుంటుంది, మీరు దాన్ని ఎక్కడ పెట్టారు, ఎన్ని పెట్టారు అన్నది పట్టించుకోదు. అంటే మళ్లీ విండోస్ చెప్పిన పద్ధతే. ఎక్సెల్ ఆ కామాను ఆజ్ఞగా కాకుండా మామూలు అక్షరంలా చూడాలంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, ఇలా:

```
##\,##\,##\,##0
```

ఇప్పుడు 42831840 ఉన్న సెల్‌కి ఇది ఇస్తే 4,28,31,840 వస్తుంది. అంకెలు కుడి నుంచి నింపుకుంటూ వస్తాయి, చివరి మూడు చోట్లలో 840, తర్వాత 31, తర్వాత 28, మిగిలిన 4 ముందు. బాగానే ఉంది. అదే ఫార్మాట్ 5000 ఉన్న సెల్‌కి ఇచ్చి చూడండి, ఇలా వస్తుంది:

```
,,5,000
```

బ్యాక్‌స్లాష్ పెట్టిన కామా మామూలు అక్షరం అయిపోయింది కదా, అంకె ఉన్నా లేకపోయినా అది అక్కడ అచ్చవుతూనే ఉంటుంది. కాబట్టి కోటి దాటిన వాటికి ఒక అచ్చు, లక్ష దాటిన వాటికి ఒకటి, అంతకన్నా తక్కువ వాటికి ఇంకొకటి కావాలి. ఎక్సెల్ ఫార్మాట్‌లో షరతులు పెట్టే వీలుంది, చదరపు బ్రాకెట్లలో షరతు, దాని పక్కన అచ్చు, ఒక్కో దాన్ని సెమికోలన్‌తో విడగొట్టాలి. అన్నీ కలిపితే ఇలా:

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

మొదటి భాగంలో ఒకటి పక్కన ఏడు సున్నాలు, అంటే కోటి. రెండో దాంట్లో ఐదు సున్నాలు, అంటే లక్ష. మూడో భాగానికి షరతు లేదు, పై రెండిట్లో పడనివన్నీ అక్కడికి వస్తాయి. ఆ మూడో దాంట్లో కామాకు బ్యాక్‌స్లాష్ ఎందుకు లేదంటే, లక్ష లోపు అంకెల్లో రెండు పద్ధతులకూ తేడా లేదు, 89,088 అమెరికాలోనైనా దేవరకొండలోనైనా అలాగే రాస్తారు. పైగా అక్కడ మామూలు కామా ఉంటే 500 లాంటి చిన్న అంకె ముందు అనవసరమైన కామా రాదు.

దీన్ని పెట్టే విధానం ఇది. అంకెలున్న కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి `Ctrl+1` నొక్కండి. `Number` ట్యాబ్‌లో ఎడమవైపు జాబితాలో అడుగుకు పోతే `Custom` ఉంటుంది, దాన్ని నొక్కితే కుడివైపు `Type` అనే గడి వస్తుంది. అందులో ఉన్నది తీసేసి పైన రాసిన లైన్ అతికించి `OK` కొట్టండి. సెల్‌లో #### కనిపిస్తే కంగారు పడొద్దు, కాలమ్ వెడల్పు చాలలేదు అంతే, పైన కాలమ్ అక్షరాల మధ్య గీత మీద రెండుసార్లు క్లిక్ చేస్తే సరిపోతుంది.

ఇప్పుడు మా లెక్క మీదే నడిపి చూద్దాం. 2024-25 లో ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాల్‌కు 2,320 రూపాయలు. `B` కాలమ్‌లో క్వింటాళ్లు, `C` లో ధర, `D` లో `=B2*C2` అని ఉందనుకోండి. ఒక రైతు 38 క్వింటాళ్ల 40 కిలోలు తెచ్చాడు, అంటే 38.40, దానికి 89,088 వచ్చింది, ఇది మూడో భాగంలో పడింది. ఒక రోజు మొత్తం తూకం 265 క్వింటాళ్లు, దానికి 6,14,800, ఇది రెండో భాగం. ఒక వారం మొత్తం 5,210 క్వింటాళ్లకు 1,20,87,200, ఇది కోటి దాటింది కాబట్టి మొదటి భాగం. సీజన్ మొత్తం 18,462 క్వింటాళ్లు, అక్క చూసి బెదిరిన ఆ మొత్తం, ఇప్పుడు 4,28,31,840. ఒకే కాలమ్, ఒకే ఫార్మాట్, నాలుగూ సరిగ్గా వచ్చాయి. ఈ ఫైల్ జిరాక్స్ షాపులో తెరిచినా ఇలాగే కనిపిస్తుంది, ఎందుకంటే కామాలు ఇప్పుడు ఫైల్‌లోనే ఉన్నాయి.

రూపాయి గుర్తు కూడా కావాలంటే మూడు భాగాల్లోనూ పెట్టాలి, ఒక్క చోట పెడితే ఆ భాగంలో పడిన వాటికే వస్తుంది.

```
[>=10000000]"₹ "##\,##\,##\,##0;[>=100000]"₹ "##\,##\,##0;"₹ "##,##0
```

నాకైతే ప్రతి సెల్‌లో ₹ ఉండటం నచ్చదు, కాలమ్ తలపై ఒకసారి "రూపాయల్లో" అని రాస్తే చాలు, టేబుల్ తేలికగా ఉంటుంది. బిల్లులకు అలవాటుగా చివర్లో `/-` కావాలనుకునేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లు ప్రతి భాగం చివర్లో `"/-"` అని చేర్చుకోవచ్చు. పైసలు కావాలంటే ప్రతి భాగంలోనూ చివరి `0` పక్కన `.00` పెట్టండి. ఈ లైన్ ఫోన్‌లోంచి కాపీ చేసి పంపుకున్నప్పుడు కొటేషన్ గుర్తులు నిలువుగా కాకుండా వంకర గుర్తులుగా మారిపోతుంటాయి, అప్పుడు ఫార్మాట్ సరిగ్గా పనిచేయదు. ఆ గుర్తులు చెరిపి కీబోర్డ్ మీద మళ్లీ కొట్టండి.

పని అయిపోయిందనుకుని వదిలేయకుండా ఒక్క పరీక్ష చేయండి. ఖాళీ కాలమ్‌లో ఈ అంకెలు కామాలు లేకుండా టైప్ చేసి అదే ఫార్మాట్ ఇవ్వండి: 999, 99999, 100000, 9999999, 10000000. రావాల్సినవి ఇవి: 999, తర్వాత 99,999, తర్వాత 1,00,000, తర్వాత 99,99,999, చివరగా 1,00,00,000. సాధారణంగా తప్పు జరిగేది సున్నాలు లెక్కపెట్టడంలో, షరతులో ఒక సున్నా తగ్గినా లక్ష హద్దు దగ్గరో కోటి హద్దు దగ్గరో ముందు కామా వేలాడుతూ కనిపిస్తుంది, వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఈ ఫార్మాట్ ఎక్కడ ఆగిపోతుందో చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఇచ్చే చాలామంది ఆ సంగతి చెప్పరు. పరీక్షకు పెట్టిన అంకెల కింద -250000 కూడా కొట్టి చూడండి. విండోస్ సెట్టింగ్ మార్చని కంప్యూటర్ అయితే -250,000 అని వస్తుంది, -2,50,000 రాదు. మైనస్ అంకె ఎప్పుడూ లక్ష కన్నా తక్కువే కదా, కాబట్టి అది నేరుగా మూడో భాగంలోకి జారిపోతుంది. సరే, మైనస్‌లకు ఇంకో రెండు షరతులు పెడదామంటే ఎక్సెల్ ఒక ఫార్మాట్‌లో రెండు షరతుల కన్నా ఎక్కువ ఒప్పుకోదు, ఆ రెండూ మనం వాడేశాం.

మా షీట్‌లో ఇది ఎక్కడ వచ్చిందంటే, రైతుల ఖాతాల్లో పడిన డబ్బులు 4,10,88,680 ఉన్నప్పుడు, పడినదాంట్లోంచి పడాల్సినది తీసేస్తే మైనస్ పదిహేడు లక్షల నలబై మూడు వేల నూట అరవై వచ్చింది, జిరాక్స్ షాపులో షీట్ దాన్ని -1,743,160 అని చూపించింది. ఒకే పేజీలో పైన లక్షల కామాలు, కింద మిలియన్ల కామాలు, చూసేవాళ్లకు ఇంకా గందరగోళం. నేను చేసిన పని చాలా మామూలుది, తీసివేత తిరగేశాను, పడాల్సినదాంట్లోంచి పడినది తీసేసి కాలమ్ తలపై "ఇంకా పడాల్సింది" అని రాశాను. 17,43,160 వచ్చింది, మైనస్ గొడవే లేదు. నిజానికి ఊళ్లో ఎవరికైనా "ఇంకా ఇంత రావాలి" అని చెబితేనే అర్థమవుతుంది, మైనస్ గీత చాలామంది కంటికి ఆనదు.

తిరగేయడం కుదరని చోట, లాభనష్టాలు కలిసి వచ్చే కాలమ్‌లో, అసలు అంకెను అలాగే ఉంచి చూపించడానికి పక్కన ఇంకో కాలమ్ పెట్టుకోండి. అసలు అంకె `D2` లో ఉందనుకుంటే:

```
=IF(D2<0,"-","")&TEXT(ABS(D2),"[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0")
```

ఇది మైనస్‌ని తీసి పక్కన పెట్టి, మిగిలిన అంకెకు లక్షల కామాలు పెట్టి, మళ్లీ ముందు మైనస్ అతికిస్తుంది. కానీ జాగ్రత్త, ఇలా వచ్చేది అంకె కాదు, అంకెలా కనిపించే రాత. ఆ కాలమ్ మీద `SUM` వేస్తే సున్నా వస్తుంది. కూడికలన్నీ `D` మీదే చేసుకోవాలి, ఈ కాలమ్ ప్రింట్ కోసం మాత్రమే. గుర్తు పట్టడం కూడా సులువే, అంకెలు సెల్‌లో కుడివైపు ఆనుకుంటాయి, రాత ఎడమవైపు ఆనుకుంటుంది.

ఇంకో చిన్న చిక్కు ఉంది, అరుదుగా వస్తుంది గానీ వచ్చినప్పుడు ఏమీ అర్థం కాదు. 3,99,998 రూపాయల 40 పైసలు నాలుగు సంఘాలకు పంచాలనుకోండి, ఒక్కో సంఘానికి 99,999.60. విండోస్ సెట్టింగ్ మార్చని కంప్యూటర్‌లో, పైసలు లేని మన ఫార్మాట్‌లో ఇది 100,000 అని కనిపిస్తుంది, 1,00,000 అని కాదు. ఎందుకంటే షరతు చూసేటప్పుడు ఎక్సెల్ సెల్‌లోని అసలు అంకెను చూస్తుంది, అది లక్ష కన్నా నలబై పైసలు తక్కువ కాబట్టి మూడో భాగానికి పంపేస్తుంది, ఆ తర్వాత అచ్చు వేసేటప్పుడు సవరించి లక్ష చేస్తుంది. కోటి హద్దు దగ్గర కూడా ఇంతే, అక్కడ 100,00,000 అని వస్తుంది. దీనికి మందు ఫార్మాట్‌లో లేదు, ఫార్ములాలో ఉంది, ముందే రూపాయికి సవరించేయాలి:

```
=ROUND(A2/4,0)
```

ఇలా సవరించాక నాలుగు భాగాలు కూడితే నాలుగు లక్షలు వస్తుంది, అసలు కన్నా ఒక రూపాయి అరవై పైసలు ఎక్కువ. ఆ తేడా ఎవరి ఖాతాలో వేస్తారో అది మీ సంఘం మీటింగ్‌లో తేల్చుకోండి, నేను చెప్పలేను.

వంద కోట్లు దాటే లెక్కలు చేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మన ఫార్మాట్‌లో 1234567890 అనేది 123,45,67,890 గా వస్తుంది, విండోస్ సెట్టింగ్ అయితే 1,23,45,67,890 అని పెడుతుంది. నా లెక్కలో మొదటిదే చదవడానికి సులువు, ముందున్న 123 చూసి "నూట ఇరవై మూడు కోట్లు" అనేయొచ్చు. అయితే రెండు రకాల ఫైళ్లు ఒకే రిపోర్టులో కలిపితే తేడా కనిపిస్తుంది, కాబట్టి ఏదో ఒకదానికి కట్టుబడండి.

ఇక అంకెలు మీ దగ్గరికి ఎలా వచ్చాయన్నది చూడాలి. వాట్సాప్‌లో ఎవరో పంపిన లెక్క కాపీ చేసి అతికిస్తే, ఫార్మాట్ ఎన్నిసార్లు ఇచ్చినా కామాలు కదలవు. 6,14,800/- అని పంపారనుకోండి, చివర్లో ఆ `/-` ఉంది కాబట్టి ఎక్సెల్‌కి అది అంకె కాదు, రాత. రాతకు అంకెల ఫార్మాట్ అంటదు. ఆ కాలమ్ సెలెక్ట్ చేసి కింద స్టేటస్ బార్ చూడండి, `Sum` కనిపించకుండా `Count` ఒక్కటే కనిపిస్తే అన్నీ రాతలే. అప్పుడు పక్క కాలమ్‌లో ఇది వేయండి.

```
=VALUE(SUBSTITUTE(SUBSTITUTE(B2,",",""),"/-",""))
```

లోపలి `SUBSTITUTE` కామాలు తీసేస్తుంది, బయటిది `/-` తీసేస్తుంది, `VALUE` మిగిలినదాన్ని అంకె చేస్తుంది. `#VALUE!` వస్తే ఇంకేదో అక్షరం మిగిలిందన్నమాట, ముందు "రూ." అని ఉందేమో చూడండి, ఉంటే దానికీ ఒక `SUBSTITUTE` చుట్టండి. అంకెలు వచ్చాక కాపీ చేసి `Paste Special` లో `Values` గా అతికించి, అప్పుడు ఫార్మాట్ ఇవ్వండి. ఎక్కించేటప్పుడే కామాలు, `/-` లేకుండా 614800 అని కొట్టే అలవాటు చేసుకుంటే ఈ తిప్పలు ఉండవు, కామాలు పెట్టే పని ఫార్మాట్‌ది, మనది కాదు.

పై అధికారులకు పంపే ఒక పేజీ రిపోర్టులో పూర్తి అంకెలు కాకుండా 4.28 కోట్లు అని చూపించమంటారు. ఇక్కడ ఇంగ్లిష్ వీడియోలు చూసి మోసపోవద్దు. ఫార్మాట్ చివర్లో ఒక కామా పెడితే ఎక్సెల్ అంకెను వెయ్యితో భాగించి చూపిస్తుంది, రెండు పెడితే పది లక్షలతో. లక్ష, కోటి ఈ వెయ్యి మెట్ల మీద పడవు కాబట్టి ఆ కిటుకు మనకు పనికిరాదు. నేరుగా భాగించండి.

```
=D2/10000000
```

ఆ సెల్‌కి ఈ ఫార్మాట్ ఇవ్వండి, కొటేషన్లలో తెలుగు రాసుకోవచ్చు.

```
0.00" కోట్లు"
```

4.28 కోట్లు అని వస్తుంది, లోపల అంకె అంకెగానే ఉంటుంది, కూడిక కూడా పనిచేస్తుంది. లక్షల్లో కావాలంటే ఐదు సున్నాలతో భాగించి "లక్షలు" అని రాయండి. ఒకే కాలమ్‌లో కొన్ని కోట్లలో, కొన్ని లక్షల్లో మాత్రం పెట్టకండి. 4.28 పక్కన 61.48 ఉంటే చూసేవాళ్ల కన్ను పెద్ద అంకె మీదే పడుతుంది, పక్కన రాసిన మాట తర్వాత చదువుతారు.

గూగుల్ షీట్స్ వాడేవాళ్లకు కూడా ఆ పొడుగు లైనే పనికొస్తుంది. `Format` మెనూలో `Number`, అందులో `Custom number format` తెరిచి అతికించి `Apply` కొట్టడమే. మైనస్ దగ్గర చిక్కు అక్కడ కూడా ఉంటుంది. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వేస్తే మాత్రం సెల్స్‌కి విడిగా ఫార్మాట్ ఇవ్వకండి, అంకె మీద రైట్ క్లిక్ చేసి `Number Format` అనే దాంట్లో ఇవ్వండి, అప్పుడు టేబుల్ రిఫ్రెష్ చేసినా, పెరిగినా నిలబడుతుంది.

చివరగా పంపేటప్పుడు. ఫైల్‌ని ఏదైనా పోర్టల్‌లో ఎక్కించడానికి `CSV` గా సేవ్ చేయాల్సి వస్తే, ఎక్సెల్ అసలు అంకెను కాకుండా తెర మీద కనిపించేదాన్నే రాస్తుంది, అంటే మీరు ముచ్చటగా పెట్టుకున్న కామాలతో సహా. అవతలి సాఫ్ట్‌వేర్ ఆ కామాలు చూసి 4,28,31,840 ని ఒప్పుకోకపోవచ్చు. సేవ్ చేసే ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి, ఆ కాపీలో అంకెల కాలమ్‌లను `General` కి మార్చి, అప్పుడు `CSV` చేయండి. మనుషులు చదవడానికి పంపేదైతే `PDF` చేసి పంపండి, ఏ ఫోన్‌లో తెరిచినా మీరు చూసినట్టే కనిపిస్తుంది. అక్కకు ఇప్పుడు నేను పంపేది అదే, వాట్సాప్‌లో.